‘కుదరదు’ అనే వీలునిస్తూ అడగడం

ఇంటర్వ్యూలన్నీ అయిపోయి, జీతం మాట కూడా ఒక కొలిక్కి వచ్చాక కొత్త కంపెనీ హెచ్ఆర్ నుంచి ఒక ఫారం వస్తుంది. మీ గురించి చెప్పగల ఇద్దరి పేర్లు, హోదాలు, ఫోన్ నంబర్లు, ఆఫీసు మెయిల్ ఐడీలు రాయమంటుంది. ఆ ఇద్దరిలో ఒకరైనా మీరు నేరుగా రిపోర్ట్ చేసిన మేనేజర్ అయ్యుండాలని చాలా కంపెనీలు షరతు పెడతాయి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, బ్యాంకింగ్, ఫార్మా ఉద్యోగాలు మారినవాళ్లకు ఇది పరిచయమున్న ఫారమే. దీన్ని చూడగానే ఎక్కువమంది చేసే పని ఒకటే. పాత మేనేజర్ పేరు, నంబరు రాసి పంపేసి, తర్వాత ఎప్పుడో ఆయనకు వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెడతారు. కొందరు అదీ పెట్టరు.

ఈ క్రమాన్నే తిరగెయ్యాలి. ముందు అడగాలి, ఆయన సరేనన్నాకే నంబరు ఇవ్వాలి. ఆ అడిగే మెసేజ్‌ను కూడా పంపేముందు మరొకరితో చదివించాలి. ఆ చదివేవాళ్లు చూడాల్సినవి రెండు. విషయం తెలియని మనిషికి ఇందులో పూర్తి సంగతి అందుతోందా? వద్దనుకుంటే ఇబ్బంది పడకుండా తప్పుకునే దారి ఉందా? మొదటిదాని మీద కొందరైనా శ్రద్ధ పెడతారు. రెండోదాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. నిజానికి అడిగేవాళ్లకు ఎక్కువ మేలు చేసేది ఆ రెండోదే.

కారణం చెప్పాలంటే ఆ ఫోన్ కాల్‌లో ఏం జరుగుతుందో చూడాలి. కాల్ చేసేది కంపెనీ హెచ్ఆర్ కావచ్చు, వెరిఫికేషన్ పని చేసే ఏజెన్సీ కావచ్చు. అడిగే ప్రశ్నలు ఇంచుమించు అన్నిచోట్లా ఒకేలా ఉంటాయి. ఈ వ్యక్తి మీ దగ్గర ఎంతకాలం పనిచేశారు, ఏ హోదాలో, బలాలేమిటి, ఎక్కడ మెరుగుపడాలి, ఎందుకు మానేశారు. చివర్లో తరచూ మరొకటి వస్తుంది: అవకాశం వస్తే ఈ వ్యక్తిని మళ్లీ మీ టీమ్‌లోకి తీసుకుంటారా? ఈ ప్రశ్నకు వెంటనే ‘తప్పకుండా’ అనే మనిషికీ, రెండు క్షణాలు ఆగి ‘ఆ, తీసుకోవచ్చు’ అనే మనిషికీ తేడాను అవతలివాళ్లు ఇట్టే పట్టేస్తారు. రెండో ఆయన అబద్ధం చెప్పలేదు, చెడ్డమాటా అనలేదు. అయినా ఆ తడబాటుతో ఒక అనుమానం మిగిలిపోతుంది. మొహమాటానికి ఒప్పుకున్న రిఫరెన్స్ ఎక్కువగా ఇలాగే తేలుతుంది. అందుకే ఇష్టంలేని ‘సరే’ కంటే ముందుగా, మర్యాదగా వచ్చిన ‘కుదరదు’ అభ్యర్థికి ఎంతో నయం. ‘కుదరదు’ వస్తే మరొకరిని అడగడానికి సమయం ఉంటుంది. ఇష్టంలేని ‘సరే’ వచ్చిందని మనకు తెలిసే అవకాశమే లేదు. ఆఫర్ ఎందుకు ఆగిపోయిందో ఎవరూ చెప్పరు.

ఎదురుగా అడిగినప్పుడు కాదనడం ఎంత కష్టమో అడిగేవాళ్లకు సరిగ్గా అంచనా ఉండదు. ఫ్రాన్సిస్ ఫ్లిన్, వెనెసా బోన్స్ అనే పరిశోధకులు 2008లో అచ్చయిన ప్రయోగాల్లో ఈ సంగతే చూపించారు. సాయం అడిగేవాళ్లు తమకు ఎందరు ఒప్పుకుంటారో తక్కువగా ఊహించుకున్నారు, నిజంగా ఒప్పుకున్నవాళ్లు అంతకంటే ఎక్కువమంది. కాదని చెప్పడం ఎదుటివాళ్లకు ఎంత ఇబ్బందో అడిగేవాళ్లు గుర్తించకపోవడమే ఇందుకు ముఖ్యకారణమని వాళ్లు తేల్చారు. వీధిలో దారి చూపమని అడిగినప్పుడు ఇది మంచిదే, ఎందుకు ఒప్పుకున్నా దారి తెలిస్తే చాలు. రిఫరెన్స్ అలా కాదు. ఇక్కడ మనకు కావలసింది ఒప్పుకోలు ఒక్కటే కాదు, మనస్ఫూర్తిగా చెప్పే మాట. మొహమాటం ఒప్పుకోలును తేగలదు కానీ ఆ మాటను తేలేదు.

ఇక మేనేజర్ వైపు నుంచి చూస్తే, కాదనడానికి మన మీద కోపమే ఉండక్కర్లేదు. చాలా పెద్ద కంపెనీలు పాత ఉద్యోగుల గురించి మేనేజర్లు మాట్లాడకూడదని, చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా మాత్రం హెచ్ఆర్ ధ్రువీకరిస్తుందని నిబంధన పెట్టుకున్నాయి. ఈ జాగ్రత్త వెనుక న్యాయపరమైన భయం ఉంది. బ్రిటన్‌లో 1994లో స్ప్రింగ్ వర్సెస్ గార్డియన్ అష్యూరెన్స్ కేసులో అక్కడి అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒక తీర్పు ఇచ్చింది. రిఫరెన్స్ ఇచ్చే యజమాని ఆ ఉద్యోగి పట్ల జాగ్రత్తగా ఉండి తీరాలని, అజాగ్రత్తగా రాసిన మాటవల్ల అతనికి నష్టం కలిగితే బాధ్యత వహించాలని చెప్పింది. అక్కడ మామూలు ఉద్యోగాల్లో రిఫరెన్స్ ఇచ్చి తీరాలన్న చట్టం లేదు, ఇస్తే మాత్రం నిజాయితీగా, సరిగ్గా ఇవ్వాలి. ఎక్కువ చెప్తే చిక్కు, చెప్పకపోతే చిక్కులేదన్న పరిస్థితిలో సంస్థలు తేదీలకే పరిమితం కావడంలో ఆశ్చర్యం లేదు. పలు దేశాల్లో శాఖలున్న కంపెనీలు ఇలాంటి నియమాలను ఇక్కడి ఆఫీసుల్లోనూ పాటిస్తుంటాయి.

ఇంకా వేరే కారణాలుంటాయి. ఆయన ఇప్పుడు పోటీ కంపెనీలో ఉండొచ్చు. ఆఫీసు మెయిల్ నుంచి బయటివాళ్ల ఫారం నింపడం ఆయనకు ఇష్టం లేకపోవచ్చు. ఇంట్లో ఎవరికో బాగోలేకపోవచ్చు. లేదా మన పని ఆయనకు నిజంగా నచ్చలేదేమో. ఈ కారణాల్లో ఏదైనా సరే, ఆయన దాన్ని మనకు వివరించుకోవలసిన అవసరం రాకూడదు. ఇదే మెసేజ్ రాసేటప్పుడు పట్టుకోవలసిన దారం.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ టెస్టర్. 2019 జూన్ నుంచి 2022 మార్చి వరకు ఒక కంపెనీలో బ్యాంకు మొబైల్ యాప్ చెల్లింపుల టీమ్‌లో పనిచేసింది. ఆనాటి మేనేజర్ ఇప్పుడు బెంగళూరులో వేరే కంపెనీలో ఉన్నాడు. ఈమెకు ఒక బీమా సంస్థలో టెస్ట్ లీడ్ ఉద్యోగం చివరి దశకు వచ్చింది. ఫోన్ తీసి మొదట ఇలా రాసింది:

“నమస్తే సార్, ఎలా ఉన్నారు? ఇంట్లో అందరూ బాగున్నారా? మాట్లాడి చాలా రోజులైంది. ఒక చిన్న హెల్ప్ సార్. కొత్త కంపెనీలో రిఫరెన్స్ అడుగుతున్నారు, మీ పేరు ఇచ్చాను. రేపో ఎల్లుండో కాల్ రావచ్చు. కొంచెం బాగా చెప్పండి సార్. మీరు తప్ప నాకెవరూ లేరు, మీరు కాదనరని తెలుసు. థ్యాంక్యూ సార్.”

పంపేముందు అదే టీమ్‌లో తనకంటే సీనియర్‌గా ఉన్న ఒకామెకు చూపించింది. “అక్కా, ఇది ఒకసారి చదివి చెప్పరా, సార్‌కి పంపొచ్చా?” మెసేజ్‌ను చదివించడానికి ఇలాంటి మనిషే సరైనవాళ్లు. మేనేజర్ తెలిసినవాళ్లు, మన ఆదుర్దా లేనివాళ్లు. ఇంట్లోవాళ్లకు చూపిస్తే మన బాధ వాళ్లకు ముందే తెలుసు కాబట్టి మెసేజ్‌లో లేనిదాన్ని కూడా ఉన్నట్టే చదువుకుంటారు.

ఆ అక్క మొదట అడిగింది చాలా మామూలు ప్రశ్న. “ఇందులో నువ్వెవరో ఎక్కడుందమ్మా? నీ నంబరు మారింది కదా, ఆయన ఫోన్‌లో నీ పేరు పడకపోతే?” మూడేళ్లకు పైగా గడిచింది, ఈలోగా ఆయన కింద ఎంతమంది పనిచేసి ఉంటారో. ఏ టీమ్, ఏ సంవత్సరాలు, ఏ పని అన్నవి లేకపోతే ఆయన గుర్తులేదనలేక, గుర్తున్నట్టు మాట్లాడలేక చిక్కుకుంటాడు. పేరు గుర్తున్నా పని గుర్తుండాలి కదా. అందుకని ఆయనే కళ్లారా చూసిన ఒక సంఘటన రాయాలి. ‘కష్టపడి పనిచేసేదాన్ని’ అని రాస్తే ఫోన్‌లో ఆయన చెప్పడానికి ఏమీ దొరకదు. ‘రిలీజ్ రోజు రాత్రి ఒకే చెల్లింపు రెండుసార్లు కోతపడుతున్న లోపం పట్టుకున్నాను’ అని రాస్తే ఆ రాత్రి మొత్తం ఆయనకు గుర్తొస్తుంది, ఆయన మాటల్లో ఆయనే చెప్తాడు.

తర్వాత ఆమె ఎత్తి చూపింది, ఏ ఉద్యోగమో ఎవరు పిలుస్తారో లేదని. గుర్తుతెలియని నంబరు నుంచి వచ్చే కాల్‌ను ఈ రోజుల్లో ఎవరు ఎత్తుతున్నారు? బీమా సంస్థ వాళ్లా, ఏజెన్సీ వాళ్లా, ఏ రోజుల్లో, ఎంతసేపు, ఫోన్‌లోనా ఫారమా అన్నది చెప్పకపోతే ఆయన దేనికి ఒప్పుకుంటున్నాడో ఆయనకే తెలియదు. టెస్టర్ ఉద్యోగానికీ లీడ్ ఉద్యోగానికీ చెప్పాల్సిన మాట కూడా ఒకటి కాదు. లీడ్ అంటే కొత్తవాళ్లకు పని నేర్పడం, గడువు దగ్గరపడినప్పుడు నిలబడటం లాంటివి ఆయన తలచుకోవాలి.

చివరగా ఆమె వేలు పెట్టింది ‘మీ పేరు ఇచ్చాను’, ‘మీరు తప్ప నాకెవరూ లేరు’, ‘కాదనరని తెలుసు’ అన్న మూడు మాటల మీద. రాసినమ్మాయి దృష్టిలో ఇవి గౌరవం, అభిమానం. చదివేవాడికి మూడూ మూసేసిన తలుపులు. పేరు ఇప్పటికే ఇచ్చేస్తే ఇక కాదనడం అంటే అమ్మాయి ఉద్యోగం చెడగొట్టడమే. ఆయనకు కంపెనీ నిబంధన అడ్డు ఉందనుకోండి, ఏం చేస్తాడు? మనవైపు పెద్దమనుషులు చేసేదే. ‘తప్పకుండా అమ్మా, చూద్దాం’ అంటాడు, ఆ కాల్ వచ్చినప్పుడు ఎత్తడు. ఏజెన్సీ రెండు మూడుసార్లు ప్రయత్నించి ‘రిఫరెన్స్ స్పందించలేదు’ అని రాసుకుంటుంది. జాయినింగ్ తేదీ వెనక్కి పోతుంది. ఆయన మోసం చేయలేదు. కాదనే వీలును మనమే లేకుండా చేశాం.

ఆ రాత్రి ఇద్దరూ కూర్చుని మళ్లీ రాశారు:

“నమస్తే సార్. 2019 జూన్ నుంచి 2022 మార్చి వరకు మీ చెల్లింపుల టీమ్‌లో టెస్టర్‌గా పనిచేశాను. యాప్ రిలీజ్ రోజు రాత్రి ఒకే చెల్లింపు రెండుసార్లు కోతపడుతోందని పట్టుకుని, మీతో మాట్లాడి రిలీజ్ ఆపించాను. ఆ తర్వాత ఏడాది కొత్తగా చేరిన ఇద్దరికి పని నేర్పే బాధ్యత మీరే నాకు ఇచ్చారు.

ఇప్పుడు ఒక బీమా సంస్థలో టెస్ట్ లీడ్ ఉద్యోగానికి చివరి దశలో ఉన్నాను. వాళ్లు నా పాత మేనేజర్ ఒకరితో మాట్లాడాలంటున్నారు. వచ్చే సోమవారం నుంచి బుధవారం లోపు వాళ్ల హెచ్ఆర్ నుంచి 15 నిమిషాల కాల్ ఉంటుంది. నా పని, టీమ్‌తో ఎలా ఉండేదాన్ని, ఎందుకు మానేశాను అన్నవి అడుగుతారట. రాతపని ఏమీ లేదు.

నా పని గురించి నమ్మకంగా మంచిమాట చెప్పగలనని మీకు అనిపిస్తేనే మీ పేరు ఇస్తాను. కంపెనీ నిబంధనల వల్ల గానీ మరే కారణం వల్ల గానీ వీలుకాకపోతే ‘కుదరదు’ అని ఒక్క మాట పంపండి చాలు, కారణం చెప్పక్కర్లేదు. నేను అడగగలిగిన మరో ఇద్దరు ఉన్నారు. గురువారం సాయంత్రం లోపు మీ నుంచి ఏమీ రాకపోతే వీలుపడలేదనుకుని వాళ్లను అడుగుతాను. మీరు సరేననేదాకా మీ నంబరు ఎవరికీ ఇవ్వను. ఇప్పటి ఆఫీసులో ఇంకా చెప్పలేదు సార్, ఈ విషయం మన మధ్యే ఉండనివ్వండి.”

మొదటిదానికంటే ఇది చాలా పొడవు. అయినా చదివేవాడికి పని తగ్గించింది, ఎందుకంటే మళ్లీ ఏమీ అడగకుండానే నిర్ణయించుకోవచ్చు. చివరి వాక్యాన్ని గమనించండి. ఒకే రంగంలో మేనేజర్లు ఒకరికొకరు తెలిసే ఉంటారు. మాట బయటికి పొక్కితే ఇప్పుడున్న ఉద్యోగానికి ముప్పు రావచ్చు కాబట్టి ఆ సంగతిని స్పష్టంగా చెప్పడమే మంచిది. ఆయన చెప్పకుండానే అర్థం చేసుకుంటాడులే అనుకోకూడదు.

తప్పుకునే దారిని ఆ మెసేజ్ ఎలా వేసిందో కాస్త నిదానంగా చూడాలి. ‘కంపెనీ నిబంధనలు’ అన్న మాటను అమ్మాయే ముందుగా అందించింది. అసలు కారణం ఏదైనా ఆయన ఆ గొడుగు కింద నిలబడొచ్చు, ఇద్దరికీ చిన్నతనం ఉండదు. ‘మరో ఇద్దరు ఉన్నారు’ అన్నది ఆయన మీది బరువు దించుతుంది. అయితే అది నిజమైతేనే రాయాలి. ఎవరూ లేకపోతే ఆ వాక్యం తీసేసి, ముందు వేరొకరిని వెతుక్కోవడం మేలు. మౌనానికి కూడా అర్థం ముందే చెప్పేసింది కాబట్టి ఆయన జవాబు ఇవ్వకపోయినా కాదన్నట్టే లెక్క. ఇది మనవాళ్లకు బాగా అవసరం, ఎందుకంటే పెద్దవాళ్లు చాలామంది ‘నో’ అని రాయడం కంటే ఊరుకోవడాన్నే మర్యాద అనుకుంటారు. గురువారం దాటాక ‘సార్, చూశారా?’ అని గుర్తుచేస్తే ఈ ఏర్పాటంతా వ్యర్థం.

నేరుగా ఫోన్ చేసి అడిగితేనే గౌరవం అన్న అభిప్రాయం కూడా మనలో గట్టిగా ఉంది. కుశల ప్రశ్నలకు ఫోన్ మంచిదే. ఈ కోరికకు మాత్రం కాదు. ఫోన్‌లో ఆలోచించే వ్యవధి ఉండదు, గొంతు వింటూ కాదనడం ఎవరికైనా కష్టం. ముందు రాసి పంపి, ‘మీకు వీలైతే ఫోన్ చేస్తాను’ అనడం వల్ల గౌరవం ఏమీ తగ్గదు.

దీనికి ఒక హద్దు ఉంది. కాదనే వీలు ఇవ్వడమంటే ప్రతి వాక్యంలోనూ క్షమాపణ చెప్పుకోవడం కాదు. ‘మీకు ఇష్టం లేకపోతే’, ‘బిజీగా ఉంటే’, ‘ఇబ్బంది అనుకుంటే’ అని నాలుగుసార్లు రాస్తే, తన పని మీద తనకే నమ్మకం లేనట్టు వినిపిస్తుంది. అడగాల్సింది తిన్నగా అడిగేశాక, ఆ వెనుకే ఒక్కసారి ఆ వీలు చెప్తే సరిపోతుంది. మెసేజ్ మొదట్లోనే పెడితే అడగకముందే వెనక్కి తగ్గినట్టుంటుంది.

కాదనే స్వేచ్ఛను గుర్తుచేస్తే ఒప్పుకునేవాళ్లు పెరుగుతారని చూపిన ప్రయోగాలూ ఉన్నాయి. ఫ్రాన్స్‌లో నికొలా గెగెన్, అలెగ్జాండ్ర్ పాస్కువల్ 2000లో ప్రచురించిన దానిలో, బస్సుకు చిల్లర అడిగితే నూటికి 10 మంది ఇచ్చారు. ‘ఇవ్వడం ఇవ్వకపోవడం మీ ఇష్టం’ అన్న మాట కలిపితే 47 మందికి పైగా ఇచ్చారు. తర్వాత వచ్చిన అనేక ప్రయోగాలను కలిపి 2013లో పరిశీలించినప్పుడు, ఈ మాట పనిచేస్తుందని తేలింది, కానీ చేయాల్సిన పని అప్పటికప్పుడు కాక తర్వాతెప్పుడో ఉన్నప్పుడు ప్రభావం తగ్గుతుందని కూడా కనిపించింది. రిఫరెన్స్ అలాంటి తర్వాతి పనే. కాబట్టి దీన్ని ఒప్పించే ఎత్తుగా వాడితే లాభమూ తక్కువ, తప్పూ అవుతుంది. ‘కుదరదు’ వచ్చినా నిజంగా ఫర్వాలేదన్నప్పుడే ఆ వాక్యానికి విలువ.

సరేనంటే మరుసటి పని రెజ్యూమే, ఉద్యోగ వివరణ, పనిచేసిన తేదీలు, రెండు మూడు ప్రాజెక్టుల పేర్లు ఒక పేజీలో పంపడం. తేదీలు ముఖ్యం. ఫారంలో మనం రాసినదానికీ ఆయన చెప్పినదానికీ ఆరు నెలల తేడా వస్తే అది అబద్ధంలా కనిపిస్తుంది. గుర్తుచేయడం వేరు, ఏం చెప్పాలో నేర్పడం వేరు. ‘ఎందుకు మానేసిందని అడిగితే ఇలా చెప్పండి’ అని రాసిస్తే మంచి మేనేజర్ ఆ క్షణమే వెనక్కి తగ్గుతాడు, తగ్గాలి కూడా. కాల్ అయిపోయాక ఫలితం ఏదైనా ఆయనకు తెలియజేయాలి. ఈ పని మరిచేవాళ్లు ఎక్కువ, అందుకే రెండోసారి అడిగినప్పుడు తలుపు తెరుచుకోదు.

మన ఉదాహరణలో బెంగళూరు నుంచి బుధవారం జవాబు వచ్చిందనుకుందాం: “గుర్తున్నావమ్మా, ఆ రాత్రి మరిచిపోతానా. మా కంపెనీలో దీనికి అనుమతి లేదు. ఆల్ ది బెస్ట్.” దీనికి ‘అర్థమైంది సార్, వెంటనే చెప్పినందుకు చాలా థ్యాంక్స్’ అన్నంతవరకే రాయాలి. పర్సనల్ మెయిల్ నుంచైనా చెప్పరా అని అడిగితే, ఇచ్చిన దారిని మళ్లీ మూసినట్టే. తర్వాత ఆమె బీమా సంస్థ హెచ్ఆర్‌కు రాయాలి: పాత మేనేజర్‌కు కంపెనీ నిబంధన అడ్డుగా ఉంది, నా రోజువారీ పనిని చూసిన టెక్ లీడ్ మాట్లాడితే సరిపోతుందా, ఉద్యోగ తేదీలకు పాత కంపెనీ హెచ్ఆర్ మెయిల్ ఇవ్వొచ్చా అని. ఇలాంటి నిబంధనలు హెచ్ఆర్ వాళ్లకు కొత్త కాదు, ముందుగా చెప్తే సాధారణంగా మరో పేరుకు ఒప్పుకుంటారు. వాళ్లు సరేనన్నాక టెక్ లీడ్‌కు అదే మెసేజ్ పంపొచ్చు. రిలీజ్ రాత్రి సంగతికి బదులు ఆయన చూసిన మరో పని రాయాలి, గడువు రోజు మార్చాలి. ‘మరో ఇద్దరు’ అన్నచోట ‘మరొకరు’ అని దిద్దాలి.